బొటిక్ బ్రాడ్‌కాస్ట్ పెడితే కస్టమర్లు బ్లాక్ చేస్తున్నారు, ఎలా పెట్టాలి?

బ్రాడీపేట వాణి
నమస్తే అండి. గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న బొటిక్ ఉంది. మంగళగిరి చీరలు, మగ్గం వర్క్ బ్లౌజులు, ఆడపిల్లల పట్టు లంగాలు. నాలుగేళ్ళయింది. షాపులో నేను, కుట్టే అమ్మాయి, అంతే.

వాట్సాప్ బిజినెస్‌లో 412 నంబర్లున్నాయి. ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు కాబట్టి రెండు బ్రాడ్‌కాస్ట్ లిస్టులు చేశాను. రోజూ పది గంటలకి షటర్ ఎత్తగానే పది పన్నెండు ఫొటోలు పెట్టేదాన్ని. మొదట్లో గబగబా రిప్లైలు వచ్చేవి. ఇప్పుడు రోజుకి రెండు మూడు వస్తే గొప్ప.

పోయిన వారం పాత కస్టమర్ ఒకావిడ వచ్చి, "వాణీ, నీ ఫొటోలతో ఫోన్ నిండిపోతోందమ్మా, బ్లాక్ చేశాను, ఏమీ అనుకోకు" అని నవ్వుతూ చెప్పి, రెండు బ్లౌజు పీసులు కొనుక్కుని వెళ్ళింది. నేనూ నవ్వాను. అప్పుడు తట్టింది, అంతకు ముందు వారం ఆవిడ బ్లౌజు రెడీ అయిందని నేను పెట్టిన మెసేజ్ ఆవిడకి చేరనే లేదు. పెళ్ళికి వేసుకోవాల్సిన బ్లౌజు అది. ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది.

వారానికి ఎన్నిసార్లు పెట్టాలి, ఏ టైంకి పెట్టాలి, అసలు ఏం పెట్టాలి? క్యాటలాగ్ కూడా ఉంది, 63 ఐటమ్స్. సగం అమ్ముడైపోయినవే.

సాయి వన్‌టౌన్
మేడమ్, ఇంత టెన్షన్ ఎందుకు? వాట్సాప్ గ్రూప్ పెట్టేయండి. అడ్మిన్ మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ ఉంటుంది. 256 గొడవే ఉండదు, అందరూ ఒకేచోట ఉంటారు. మా వస్త్రలతలో హోల్‌సేల్ వాళ్ళందరూ అలాగే నడుపుతున్నారు.

నిర్మల, లక్ష్మీపురం
నేను షాపు దాన్ని కాదు, కొనేదాన్ని. చెప్పొచ్చా? నా ఫోన్లో గుంటూరు బొటిక్‌లు ఏడున్నాయి. నాలుగు మ్యూట్‌లో, ఒకటి బ్లాక్‌లో. మిగతా రెండూ ఎందుకు చూస్తానంటే, వాళ్ళు తక్కువ పెడతారు, పెట్టిన ఫొటో కింద రేటుంటుంది. "ప్రైస్ కోసం ఇన్‌బాక్స్" అని కనిపిస్తే ఇక చూడను. రేటడిగి, అది వచ్చేదాకా ఆగి, "అబ్బో వద్దులెండి" అనడం నాకు మొహమాటం.

పొద్దున పది గంటలకి మా ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోనుండదండీ. వంటా, క్యారేజీలూ అయ్యి పనమ్మాయి వెళ్ళాక, ఒంటిగంట దాటితే తీరిక.

గ్రూపుల్లో మాత్రం నన్ను చేర్చొద్దు. ఒక చీరల గ్రూపులో ఉన్న పాపానికి అందులోంచి నా నంబర్ తీసుకుని ఎవరో నగల షాపాయన రోజూ గుడ్ మార్నింగ్ పెడుతున్నాడు.

పటమట శారద
వాణి గారూ, బెజవాడ పటమటలో పదకొండేళ్ళుగా ఇంట్లోనే చీరలు అమ్ముతున్నాను. మీరు చేసిన పొరపాట్లన్నీ నేనూ చేశాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సాయి గారి మాట. గ్రూపులో అడ్మిన్ మాత్రమే మాట్లాడేలా పెట్టుకోవచ్చు, నిజమే. కానీ సభ్యుల లిస్టు తెరిస్తే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. నిర్మల గారికి జరిగింది అదే. పక్క వీధి బొటిక్ వాళ్ళ మరదలు మీ గ్రూపులో చేరిందంటే నాలుగేళ్ళ మీ కష్టం ఒక్క సాయంత్రంలో వాళ్ళ ఫోన్లోకి పోతుంది. హోల్‌సేల్ వాళ్ళకి అది నష్టం కాదు, వాళ్ళ దగ్గర కొనేవాళ్ళంతా షాపులవాళ్ళే. మనకి కుదరదు. బ్రాడ్‌కాస్ట్‌లోనే ఉండండి.

ఇక బ్రాడ్‌కాస్ట్ సంగతి. గ్రూపు నచ్చకపోతే కస్టమర్ బయటికి పోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులోంచి పోయే బటన్ వాళ్ళకి లేదు. వాళ్ళు ఫలానా లిస్టులో ఉన్నట్టు కూడా వాళ్ళకి తెలియదు, మామూలు మెసేజ్ లాగే వస్తుంది. మ్యూట్ చేసినా ఫొటోలు వస్తూనే ఉంటాయి, కాబట్టి విసుగొచ్చిన మనిషి చివరికి బ్లాక్ చేస్తుంది. కోపంగా ఉంటే రిపోర్ట్ కూడా కొడతారు. అలా చాలామంది కొడితే వాట్సాప్ నంబర్నే ఆపేస్తుంది. మీ పాత కస్టమర్‌కి మీ మీద కోపం లేదు, ఫొటోల మీద విసుగు. వేరే దారి తోచక బ్లాక్ చేసింది. ఆ దారి మీరే ఇవ్వాలి. "వద్దు అని పెట్టండి, మానేస్తాను" అని రాసి, పెట్టినవాళ్ళని ఆ రోజే లిస్టులోంచి తీసేయాలి. వాళ్ళ చాట్ మాత్రం అలాగే ఉంటుంది. బ్లౌజు రెడీ అయిందని చెప్పడానికి అది కావాలి.

ఇంకోటి. మీ 412లో నిజంగా ఎంతమందికి చేరుతోందో ఎప్పుడైనా చూశారా?

బ్రాడీపేట వాణి
అందరికీ చేరుతుంది కదండీ? పంపగానే టిక్ పడుతుంది.

పటమట శారద
చేరదమ్మా. మీ నంబర్ తన ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే బ్రాడ్‌కాస్ట్ వెళ్తుంది. మీరు వాళ్ళ నంబర్ సేవ్ చేసుకుంటే చాలదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు తెరిచి, నిన్న పెట్టిన మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకుని ఇన్ఫో చూడండి. చదివినవాళ్ళ పేర్లు, చేరినవాళ్ళ పేర్లు విడివిడిగా ఉంటాయి. రెండు లిస్టులవీ లెక్కపెట్టి ఇక్కడ చెప్పండి. పొద్దున పెట్టినదాన్ని పొద్దునే చూడొద్దు, ఒక రోజు ఆగిన మెసేజ్‌ది చూడండి.

పచ్చళ్ళ పద్మ
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. నాది పచ్చళ్ళ వ్యాపారం, అరండల్‌పేట. గోంగూర, పండుమిర్చి, ఉసిరి. నాకు క్యాటలాగ్‌లో గోంగూర అరకిలో, కిలో అని రెండు రేట్లు పెట్టడం రావట్లేదు. ఎలా పెట్టాలి?

పటమట శారద
పద్మ గారూ, రెండు ఐటమ్స్‌గా పెట్టేయండి, ఫొటో అదే, పేరులో బరువు రాయండి. అయినా మీ పచ్చడి ఈ నెల అయిపోతే వచ్చే నెల మళ్ళీ అదే వస్తుంది. మా చీర ఒకటి పోతే ఇక అది రాదు. ఇక్కడ రాస్తున్నవన్నీ మీకు పనికి రాకపోవచ్చు.

పచ్చళ్ళ పద్మ
థాంక్సండీ. పోనీ అమెరికా పార్సిల్ గురించి...

మాస్టారు
పద్మ గారూ, అమెరికాకి వేరే థ్రెడ్ ఉంది.

వాణి గారూ, నేను రిటైర్డ్ లెక్కల మాస్టార్ని, కొరిటెపాడు. మా ఆవిడ ఫోన్లో ఖాళీ లేదని మనవడు చూస్తే వాట్సాప్ ఫొటోల్లో మూడొంతులు చీరలు. కొన్నది ఒకటి. ఆ ఒకటీ ఫొటోలో మామిడి చిగురు రంగు, ఇంటికొస్తే చిలకపచ్చ. ఈ సమస్యకి మందుందా?

రఫీ మగ్గం వర్క్స్
మాస్టారూ, అది ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటో అయ్యుంటుంది సార్. మా దగ్గర మగ్గం మీద బ్లౌజు ఫొటో తీయాలంటే డాబా మీదికి తీసుకెళ్తాం, నీడ పట్టున, పొద్దున తొమ్మిదిలోపు. ఎండ నేరుగా పడితే జరీ మెరిసి పట్టు రంగు తేలిపోతుంది. ఫిల్టర్ అస్సలు వేయం. అయినా ఫోన్ స్క్రీన్ బట్టి కొంచెం తేడా వస్తుంది. అందుకే రంగు పేరు కూడా రాస్తాం. "వంగపండు రంగు" అంటే అందరికీ ఒకటే గుర్తొస్తుంది, "పర్పుల్" అంటే పది రకాలు.

సాయి వన్‌టౌన్
శారద గారూ, సేవ్ చేసుకోనివాళ్ళకి వెళ్ళదు అంటున్నారు కదా, దానికి సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి దానికి తగిలించుకుంటే సేవ్ చేసినా చేయకపోయినా ఒక్కొక్కరికీ విడిగా పంపేస్తుంది. వెయ్యి మందికైనా సరే. మాకు తెలిసినవాళ్ళు వాడుతున్నారు, బాగానే ఉంది.

రఫీ మగ్గం వర్క్స్
సాయి భాయ్, మా బావమరిది అలాంటిదే వాడాడు. పోయిన దసరాకి ముందు ఎవరో ఏజెన్సీ వాళ్ళు పెట్టించారు. రెండు రోజులు బాగానే పోయింది. మూడో రోజు పొద్దున వాట్సాప్ తెరిస్తే ఈ నంబర్‌తో వాడటానికి లేదని వచ్చింది. రివ్యూ అడిగాడు, ఒప్పుకోలేదు. ఆరేళ్ళ చాట్లు, ఎవరి కొలతలు ఎంత, ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, అన్నీ అందులోనే ఉన్నాయి. దసరా సీజన్ మొత్తం షాపు ముందు కూర్చుని "మీ అడ్వాన్స్ ఎంతమ్మా" అని అడగాల్సి వచ్చింది. పుస్తకంలో రాసుకోలేదు. ఏజెన్సీ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు.

పటమట శారద
రఫీ గారు చెప్పారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. అధికారికంగా వేలమందికి పంపే పద్ధతి వేరే ఉంది, దానికి మెసేజ్‌కింత అని డబ్బు కట్టాలి, ముందుగా మెసేజ్ నమూనా చూపించి ఒప్పించుకోవాలి. నాలుగొందల మందికి అంత అవసరం లేదు. సేవ్ చేసుకోని మనిషికి ఎలాగైనా పంపాలి అనుకోవడం దగ్గరే తప్పుంది. ఆమె సేవ్ చేసుకోలేదంటే మీ ఫొటోలు ఆమె అడగలేదనే కదా.

బ్రాడీపేట వాణి
శారద గారూ, లెక్కపెట్టాను. రాత్రి పదకొండు దాకా పట్టింది. 412లో చేరింది 268 మందికి. చదివినట్టు చూపించింది 150. అంటే 144 మందికి నేను పెట్టేవి అసలు పోవట్లేదు. నేనేమో 412 మంది అని అందరికీ చెప్పుకుంటున్నాను.

ఈ 144 మందీ బ్లాక్ చేసినట్టా?

పటమట శారద
కాదు. ఎక్కువమంది సేవ్ చేసుకోనివాళ్ళే అయ్యుంటారు. తేడా తెలుసుకోవడానికి ఒక దారుంది. బ్రాడ్‌కాస్ట్ కాకుండా విడిగా మెసేజ్ పెడితే, సేవ్ చేసుకోకపోయినా చేరుతుంది, రెండు టిక్కులు పడతాయి. బ్లాక్ చేసినవాళ్ళకి అదీ చేరదు, ఎన్నాళ్ళైనా ఒక్క టిక్కే. నంబర్ మార్చేసినా, ఫోన్ ఆపేసినా ఒక్క టిక్కే, కాబట్టి ఒక్క టిక్ చూసి ఫలానావిడ బ్లాక్ చేసిందని అనుమానం పెట్టుకోకండి.

అలాగని 144 మందికీ విడిగా మెసేజ్ పెట్టి పరీక్షించకండి, అది మళ్ళీ అదే విసుగు. బిల్లు పుస్తకం తీసి, వాళ్ళలో ఏడాదిలోపు కొన్నవాళ్ళెవరో చూడండి. వాళ్ళకి నిజమైన పని ఉన్నప్పుడే పెట్టండి. ఫాల్ కుట్టడం అయిందనో, కుచ్చులు వేయడం అయిందనో. పండక్కి శుభాకాంక్షలు పెట్టి పరీక్షించడం నాకు నచ్చదు.

చేరిన 268 మందికి ఒకే ఒక్క మెసేజ్. ఫొటో లేకుండా. మీ మాటల్లో మీరే రాయండి, నేను పెట్టింది ఇలా ఉంటుంది:

```
నమస్తే అండి, పటమట శారదని.
రోజూ ఫొటోలు పెట్టి విసిగించాను,
ఇకపై వారానికి ఒక్కటే మెసేజ్.
చీరలు కావాలంటే 1, బ్లౌజులు 2,
పిల్లల బట్టలు 3 అని పెట్టండి.
ఏవీ వద్దంటే 0 పెట్టండి,
కుట్టుపని కబుర్లు తప్ప ఏమీ పంపను.
```

ఎవరు ఏ అంకె పెడితే ఆ లేబుల్ తగిలించండి, ఆ లేబుల్ వాళ్ళతో ఒక లిస్టు. సున్నా పెట్టినవాళ్ళకి "సరేనండి, తీసేశాను" అని ఒక్క ముక్క రాయండి, ఇంకేమీ వద్దు. "ఎందుకండీ?" అని అడిగితే పోట్లాట.

అసలు ఏమీ జవాబివ్వనివాళ్ళు సగం పైనే ఉంటారు, కంగారు పడకండి. వాళ్ళలో ఏడాదిలోపు కొన్నవాళ్ళని, కొన్న రకాన్ని బట్టి లిస్టులో వేయండి. మిగతావాళ్ళని తీసేయండి.

నిర్మల, లక్ష్మీపురం
ఇలాంటి మెసేజ్ నాకు వస్తే నేను తప్పకుండా 1 పెడతాను. మా అత్తగారు మాత్రం "1" చూసి ఇదేదో ఓటీపీ మోసం అనుకుంటారు. పేరు, షాపు వీధి రాయండి.

మాస్టారు
రెండు లెక్కలు అడుగుతాను. జవాబివ్వనివాళ్ళని తీసేస్తే 268 కాస్తా వందకి పడిపోతుంది. నాలుగేళ్ళు కూడబెట్టినది మీరే చెరిపేసుకుంటున్నారు కదా? రెండోది, చదివినట్టు చూపించని 118 మంది నిజంగా చదవలేదా? మా ఆవిడ ఫోన్లో నీలం టిక్కులు ఆపేసి ఉన్నాయి. మనవడు ఆపాడు. ఆవిడ మాత్రం ప్రతి చీరా చూస్తుంది.

పటమట శారద
మాస్టారూ, రెండో లెక్క మీదే కరెక్ట్. నీలం టిక్కులు ఆపుకున్నవాళ్ళు చదివినా చదివినవాళ్ళ లిస్టులో కనిపించరు. అందుకే చదవలేదని ఎవరినీ తీసేయమనలేదు. చేరిందా లేదా, కొన్నారా లేదా, ఈ రెండే చూడమన్నాను.

మొదటిదాని మీద మాత్రం మీతో ఒప్పుకోను. చూసి ఊరుకునేవాళ్ళకి పంపడం వల్ల నాకు వచ్చింది ఏమీ లేదు.

రఫీ మగ్గం వర్క్స్
వాణి గారూ, క్యాటలాగ్‌లో సగం అమ్ముడైపోయినవే అన్నారు. అది పెద్ద తప్పు. మొన్న మాకు ఒకావిడ క్యాటలాగ్‌లో బ్లౌజు చూసి నరసరావుపేట నుంచి బస్సెక్కి వచ్చింది. అది మూడు నెలల కిందట పోయింది. ఆవిడ మొహం చూడలేకపోయాను.

పటమట శారద
అవును, అసలు పని అక్కడే ఉంది. బ్రాడ్‌కాస్ట్ పిలుపు మాత్రమే, సరుకంతా క్యాటలాగ్‌లో ఉండాలి. పది ఫొటోలు చాట్‌లో కుమ్మరిస్తే ఫోన్ నిండుతుంది. ఒక్క ఫొటో, దాని కింద రేటు, క్యాటలాగ్ లింకు పెడితే ఇష్టమైనవాళ్ళు లోపలికి వెళ్ళి మిగతావి చూసుకుంటారు. లింకు ఇలా ఉంటుంది, మీ నంబర్ పెట్టుకోండి:

```
https://wa.me/c/91XXXXXXXXXX
```

కానీ లోపల ఉన్నవి నిజంగా షాపులో ఉండాలి. నేను చేసేది చెప్తాను. ప్రతి చీరకీ ఒక చిన్న కోడ్. మం 14 అంటే మంగళగిరి పద్నాలుగోది. ఆ కోడ్ చీర మడతలో కాగితం మీద, క్యాటలాగ్‌లో పేరు పక్కన, ఫొటో మూలన, మూడుచోట్లా ఒకటే. చీర అమ్ముడైతే ఆ కాగితం తీసి గల్లాపెట్టె మీద గుచ్చుతాను. రాత్రి పని ముగించేముందు గుచ్చిన కాగితాలన్నీ చూసి, క్యాటలాగ్‌లో ఆ ఐటమ్స్ కనపడకుండా హైడ్ చేస్తాను. డిలీట్ చేయను. అలాంటి రంగు మళ్ళీ వస్తే ఫొటో, రేటు మార్చి తెరిస్తే సరిపోతుంది. పది నిమిషాల పని.

కొత్తవి బుధవారం రాత్రే ఎక్కించాలి. పెట్టిన వెంటనే కస్టమర్‌కి కనిపించవు, వాట్సాప్ వాళ్ళు చూసి ఒప్పుకోవాలి. ఒక్కోసారి కొన్ని నిమిషాలే, ఒక్కోసారి గంటలు. గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకి బ్రాడ్‌కాస్ట్. ముందు చీరల లిస్టు, అరగంట ఆగి బ్లౌజుల లిస్టు. అందరికీ ఒక్కసారే పెడితే రిప్లైలన్నీ ఒక్కసారే వస్తాయి, ఒక్కదాన్నే చెప్పలేను.

ఒకే చీరని ఇద్దరు అడగడం ఒకటుంది. ఎవరు ముందు అడిగారని చూడను, ఎవరు ముందు అడ్వాన్స్ వేశారో చూస్తాను. ఈ మాట క్యాటలాగ్‌లో వివరాల దగ్గర రాసి పెట్టాను. ఇది రాయకముందు వదినా మరదళ్ళు ఇద్దరికి ఒకే వంగపండు చీర ఒప్పుకుని, ఇద్దరి దగ్గరా మాటపడ్డాను.

సాయి వన్‌టౌన్
రేటు క్యాటలాగ్‌లో పెట్టడం మాత్రం నేను ఒప్పుకోనండీ. పక్క షాపువాడు చూసి వంద తగ్గించి పెడతాడు. రేటు అడిగితే కదా మాట కలుస్తుంది, మాట కలిస్తే కదా బేరం తెగుతుంది.

నిర్మల, లక్ష్మీపురం
మీ మాట మీకు కలవాలి కానీ నాకెందుకు కలవాలి సాయి గారూ?

రఫీ మగ్గం వర్క్స్
మాకు రేటు పెట్టడం కుదరదు. మగ్గం పని చేతి కొలత బట్టి, పూస బట్టి మారుతుంది. "ఇంత నుంచి మొదలు" అని పెడతాం. అది చూసి కూడా "ఇంతకే ఇస్తానన్నారుగా" అని గొడవ.

పటమట శారద
చీరలకి రేటు పెట్టాలి, పనికి ఎంత నుంచి మొదలో పెట్టాలి, నా లెక్క అది. కానీ సాయి గారు చెప్పిన భయం ఉత్తదేం కాదు. నా మంగళగిరి చీర ఫొటోలు రెండు ఎత్తి, కోడ్ చెరిపి, వేరే పేజీలో వంద తక్కువకి పెట్టారు. చీర వాళ్ళ దగ్గర లేనే లేదు, ఆర్డర్ వస్తే మంగళగిరి పరిగెత్తుదామని. ఏం చేయగలం.

---

బ్రాడీపేట వాణి
(ఆరు వారాల తరవాత)

అందరికీ నమస్తే. చెప్పినట్టే చేశాను, ఎలా అయిందో రాస్తున్నాను.

268 మందికీ ఆ మెసేజ్ పెట్టాను, నిర్మల గారు చెప్పినట్టు "బ్రాడీపేట వాణి బొటిక్" అని మొదట్లోనే రాసి. మూడు రోజుల్లో 121 మంది జవాబిచ్చారు. చీరలు 48, బ్లౌజులు 37, పిల్లల బట్టలు 17, సున్నా 19. సున్నా పెట్టినవాళ్ళలో ఇద్దరు నా చుట్టాలే, అది వేరే సంగతి. ఒకావిడ "12" అని పెట్టింది, నాకు అర్థం కాలేదు, చీరలూ బ్లౌజులూ రెండూ కావాలట. ఆవిడని చీరల్లోనే లెక్కేశాను.

జవాబివ్వని 147 మందిలో ఏడాదిలోపు కొన్నవాళ్ళు 66. బిల్లు పుస్తకం చూసి 29 మందిని చీరల్లో, 26 మందిని బ్లౌజుల్లో, 11 మందిని పిల్లల బట్టల్లో వేశాను. మిగతా 81 మందిని తీసేశాను. తీస్తుంటే చెయ్యి ఆడలేదు, అబద్ధం చెప్పను. ఇప్పుడు మొత్తం 168 మంది. చీరలు 77, బ్లౌజులు 63, పిల్లలు 28.

గురువారం ఒకటిన్నరకి ఒక ఫొటో, కోడ్, రేటు, లింకు. ఇంతకు ముందు నెలకి తొమ్మిదో పదో ఆర్డర్లు వాట్సాప్ మీద వచ్చేవి. ఈ ఆరు వారాల్లో 23 వచ్చాయి. మధ్యలో శ్రావణం వచ్చింది కాబట్టి అదంతా దీనివల్లే అని నేను అనను. నాకు బాగా తేడా తెలిసింది మాత్రం అడిగేవాళ్ళలో. ముందు ఒక్కో చీరకి ఇరవై మంది "ప్రైస్ ప్లీజ్" అని పెట్టి మాయమయ్యేవాళ్ళు. ఇప్పుడు నలుగురు అడుగుతారు, "మం 9 ఉందా?" అని కోడ్‌తో. అందులో ఒకరో ఇద్దరో తీసుకుంటారు. పొద్దున షటర్ ఎత్తగానే ఫొటోలు తీసే పని పోయింది, ఆ టైంలో కటింగ్ చేసుకుంటున్నాను.

నంబర్ సేవ్ చేసుకోమని బోర్డు పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. బ్లౌజు కుట్టడానికి ఇచ్చినప్పుడు, "రెడీ అయితే ఇందులోనే చెప్తాను, మీ ఎదురుగానే సేవ్ చేసుకోండి" అంటే వెంటనే చేసుకుంటున్నారు. అప్పుడే 1, 2, 3 అడిగి లేబుల్ పెట్టేస్తున్నాను.

ఒక తప్పు జరిగింది. రెండో వారం చీరల ఫొటో పొరపాటున పిల్లల బట్టల లిస్టుకి పెట్టేశాను, లిస్టుల పేర్లు మూడూ "వాణి కస్టమర్స్" అనే ఉన్నాయి కాబట్టి. ఇప్పుడు "చీరలు గురువారం" అని పేరు మార్చాను.

బ్లాక్ చేసిన ఆవిడ తనే అన్‌బ్లాక్ చేసింది. షాపులో నా ముందే చేసింది. చీరల లిస్టులో వేయమంది.

మాస్టారు
81 మంది సంగతి చెప్పండి. వాళ్ళలో ఎవరూ రాలేదా?

బ్రాడీపేట వాణి
అదే చెప్పబోతున్నాను మాస్టారూ. ఒకావిడ వచ్చారు. "నాకు ఫొటోలు మానేశావేంటమ్మా, నేనేం తప్పు చేశాను?" అన్నారు. ఎప్పుడూ జవాబివ్వరు, చదివినట్టు చూపించదు, ఏడాదిన్నరగా ఏమీ కొనలేదు. కానీ రోజూ చూసేవారట. వాళ్ళ పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది, ఫాల్గుణంలో పెళ్ళి, చీరలు మీ దగ్గరే తీసుకుందామనుకున్నాం అన్నారు. పదకొండు చీరలు.

మాస్టారు
మా ఆవిడ లాంటి మనిషే.

పటమట శారద
ఇది నాకు దెబ్బే. తీసేసేముందు ఆ 81 మందికి ఇంకో మెసేజ్ పెట్టాల్సిందేమో. పెట్టి ఉంటే మళ్ళీ విసిగించినట్టే కదా అనీ అనిపిస్తుంది. నేనైతే ఇప్పుడు అలాంటివాళ్ళని లిస్టులో వేయను, కానీ స్టేటస్ పెడుతున్నాను. ఇద్దరి ఫోన్లలోనూ ఇద్దరి నంబర్లూ సేవ్ అయి ఉంటేనే కనిపిస్తుంది, 24 గంటల్లో పోతుంది, చూడాలనుకున్నవాళ్ళే తెరుస్తారు. ఆ 81 మందికి బ్రాడ్‌కాస్ట్ చేరింది కాబట్టి వాళ్ళ ఫోన్లలో మీ నంబర్ ఉంది. మీ ఫోన్లో వాళ్ళవి తీసేయకండి.

సాయి వన్‌టౌన్
నేను చెప్పలేదా, ఎక్కువమందికి వెళ్తేనే వ్యాపారం. పదకొండు చీరలు ఎగిరిపోయేవి.

నిర్మల, లక్ష్మీపురం
ఎగిరిపోలేదు కదా సాయి గారూ, ఆవిడ నడుచుకుంటూ షాపుకి వచ్చింది.

రఫీ మగ్గం వర్క్స్
వాణి గారూ, ఆ పెళ్ళి బ్లౌజులకి మగ్గం పని ఎక్కడ ఇస్తున్నారు? ఫాల్గుణం అంటే ఇప్పటి నుంచే చెప్పాలి, మాఘంలో ముహూర్తాలు మొదలైతే మా దగ్గర ఖాళీ మగ్గం ఉండదు. అన్నట్టు నాకు బ్లౌజుల లిస్టు వద్దు, 0.